రేపు రావాల్సిన వెండర్‌ని ఇవాళ ఆపాలంటే: ప్లాంట్ మెయింటెనెన్స్ వాళ్లకి ఒక మార్గదర్శి

మధ్యాహ్నం రెండున్నరకి ప్రొడక్షన్ నుంచి ఫోన్ వస్తుంది. "చిల్లర్ రేపు ఇవ్వలేమండీ. బ్యాచ్ క్రిస్టలైజేషన్‌లో ఉంది. ఎల్లుండి రాత్రి దాకా చిల్డ్ వాటర్ ఆగకూడదు." రేపు పొద్దున అదే చిల్లర్‌కి కండెన్సర్ ట్యూబులు శుభ్రం చేయడానికి, ఆయిలు, ఫిల్టరు మార్చడానికి విశాఖపట్నం నుంచి ఇద్దరు సర్వీస్ ఇంజనీర్లు రావాలి. సాయంత్రం అయిదు దాటాక వాళ్లు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. అంటే మీ చేతిలో ఉన్నది రెండున్నర గంటలు.

పాశమైలారంలో ఒక బల్క్ డ్రగ్ ప్లాంటు యుటిలిటీస్ చూస్తూ ఇలాంటి ఫోన్లు చాలా ఎత్తాను. మొదట్లో నా తంతు ఒకటే. "అనివార్య కారణాల వల్ల" అని రెండు లైన్ల మెయిల్ కొట్టి ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఆ తర్వాత మూడు నెలలకి చిల్లర్ అర్ధరాత్రి ట్రిప్ అయినప్పుడు తెలిసేది ఆ మెయిల్ ఖరీదు. అవతల ఫోన్ ఎత్తుతారు, మర్యాదగానే మాట్లాడతారు, "ఇంజనీర్ ఖాళీ లేడు సర్, ఎల్లుండి చూద్దాం" అంటారు. అందుకే కింద రాసినవన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: ఈ రద్దు వల్ల నిజంగా ఎవరి జేబుకి చిల్లు పడుతుంది? చాలాసార్లు అది వెండర్ కంపెనీకి కాదు, దాని కింద ఉన్న మనుషులకి.

ఫోన్ చేసే ముందు పది నిమిషాలు

ముందు ప్రొడక్షన్ వాళ్లని రెండు విషయాలు అడగండి. రేపు అసలు కుదరదా, లేక రేపు మధ్యాహ్నం దాకానే కుదరదా? కుదరకపోతే మళ్లీ ఎప్పుడు ఇస్తారు? మొదటిదానికి "సాయంత్రం నాలుగింటికి ఇవ్వగలం" అని వస్తే ఇది రద్దు కాదు, ఆలస్యం. వెండర్‌తో మాట్లాడే తీరే మారిపోతుంది. రెండోదానికి నోటిమాట తీసుకోవద్దు. "గురువారం పొద్దున ఎనిమిదికి చిల్లర్ హ్యాండోవర్" అని షిఫ్ట్ ఇన్‌ఛార్జి చేత ఒక్క మెసేజ్ పెట్టించుకోండి. ఇవ్వలేమంటే, కొత్త తేదీ మీ దగ్గర లేదని ఒప్పుకుని అలాగే ఫోన్ చేయండి. లేని తేదీ చెప్పడం కంటే అది చాలా నయం. మొదటి రద్దుని ఎవరైనా మర్చిపోతారు, రెండోదాన్ని మర్చిపోరు.

తర్వాత పర్చేజ్ ఆర్డర్ తీసి చూడండి. రద్దు గురించి, ప్రయాణ ఖర్చు గురించి ఏం రాశారు? మన దగ్గర చాలా ఆర్డర్లలో ఏమీ ఉండదు. రోజుకి ఇంత విజిట్ ఛార్జి, ప్రయాణం అందులోనే, అని మాత్రం ఉంటుంది. అంటే కాగితం ప్రకారం రాని మనిషికి మీరు పైసా బాకీ లేరు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, దీనికి మళ్లీ వస్తాను. ఇప్పుడు చేయాల్సిందల్లా ప్లాంట్ హెడ్‌కి ఒక ఫోన్ చేసి, "టికెట్లు, కూలీలు మనం పెట్టుకోవాలి, పదివేల లోపు అవుతుంది" అని ఒప్పించుకోవడం. ఈ అనుమతి లేకుండా వెండర్‌కి ఫోన్ చేస్తే మీ నోట్లోంచి "చూద్దాంలెండి" అనే మాటే వస్తుంది. ఆ మాటకి అర్థం ఏమిటో అవతలివాళ్లకి బాగా తెలుసు.

మూడోది, సామాను. ఆయిల్ డ్రమ్ము, ఫిల్టర్ కిట్టు ముందే ట్రాన్స్‌పోర్టులో బయల్దేరి ఉంటే వెనక్కి తిప్పించొద్దు. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు ఉంటుంది. దాన్ని తయారుచేసిన 24 గంటల లోపే రద్దు చేయగలరు. దారిలో ఉన్న లారీని ఆపి కాగితాలు మార్పించడం వాళ్లకి ఇంకో తలనొప్పి. వచ్చినదాన్ని స్టోర్స్‌లో దించుకుని ఆ కంపెనీ పేరు మీద విడిగా పెట్టించండి. ఎలాగూ వచ్చేవారం కావాల్సిన సామానే.

మనుషులు ఎక్కడున్నారు?

ఫోన్‌లో మీరు చెప్పేది దీన్నిబట్టే మారుతుంది. ఇంకా ఇంట్లో ఉన్నారా, రైలెక్కారా, హైదరాబాద్‌లో దిగిపోయారా?

ఇంట్లో ఉంటే సులువు. కానీ టికెట్ల సంగతి గుర్తుంచుకోండి. విజిట్ రెండు రోజుల ముందు ఖాయమైంది కాబట్టి వాళ్లు తీసింది బహుశా తత్కాల్ టికెట్టే అయి ఉంటుంది. కన్ఫర్మ్ అయిన తత్కాల్‌ని రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. "టికెట్ క్యాన్సిల్ చేసుకోండి, రిఫండ్ వచ్చేస్తుందిగా" అని మీరు తేలిగ్గా అంటే, అది నిజం కాదని అవతలి మనిషికి అప్పటికే తెలుసు.

రైలెక్కి తుని దాటేశారనుకోండి. దిగిపొమ్మనడమా, వచ్చేయమనడమా అన్నది మీరు తేల్చకండి, కోఆర్డినేటర్‌ని అడగండి. రాత్రిపూట రాజమండ్రిలోనో ఏలూరులోనో దిగి వెనక్కి వెళ్లే రైలు కోసం కూర్చోవడం కంటే, హైదరాబాద్ వచ్చేసి ఆ రోజు ఇంకో కస్టమర్ పని చూసుకోవడమే వాళ్లకి లాభం కావచ్చు. ఈ ప్రాంతంలో వాళ్లకి ఇంకో నలుగురు కస్టమర్లు ఉంటారు. బొల్లారంలోనో జీడిమెట్లలోనో వాయిదా పడిన పని ఒకటి తప్పకుండా ఉంటుంది.

దిగిపోయి ఉంటే మాత్రం వెనక్కి పంపొద్దు. ప్లాంటుకి రమ్మనండి. మెషిన్ నడుస్తుండగానే చేయగల పని చాలా ఉంది. రీడింగులు తీసుకోవచ్చు, ఆయిల్ శాంపిల్ పట్టొచ్చు, కండెన్సర్ అప్రోచ్ చూడొచ్చు. అప్రోచ్ అంటే రిఫ్రిజిరెంట్ కండెన్స్ అయ్యే ఉష్ణోగ్రతకీ, బయటికొచ్చే కూలింగ్ వాటర్ ఉష్ణోగ్రతకీ ఉన్న తేడా. మెషిన్ కమిషనింగ్ రోజుల్లో ఉన్నదాని కంటే ఆ తేడా బాగా పెరిగిందంటే ట్యూబుల్లో పొలుసు కట్టిందని అనుమానించాలి. బ్రష్ కొడితే సరిపోతుందా, కెమికల్ డీస్కేలింగ్ కావాలా అన్న అంచనా ఆ రోజే వచ్చేస్తుంది. వచ్చే విజిట్‌కి ఏ సామాను తెచ్చుకోవాలో ఇంజనీర్‌కి తెలుస్తుంది. ఆ పూటకి సర్వీస్ రిపోర్టు రాయించి సంతకం పెట్టండి, విజిట్ ఛార్జి ఇవ్వండి. రిపోర్టు లేకుండా తిరిగి వెళ్లిన ఇంజనీర్ తన ఆఫీసులో సంజాయిషీ చెప్పుకోవాలి. మీ సంతకం అతనికి రక్ష.

ఎవరికి ముందు, ఏమని

మొదటి ఫోన్ సర్వీస్ కోఆర్డినేటర్‌కి. సేల్స్ మనిషికి కాదు, యజమానికి కాదు. మనుషుల్ని అటూ ఇటూ తిప్పేది కోఆర్డినేటరే. యజమానికి ముందు చేస్తే కోఆర్డినేటర్‌కి అది ఫిర్యాదులా వినిపిస్తుంది. రెండో ఫోన్ నేరుగా ఇంజనీర్‌కి, కోఆర్డినేటర్‌కి చెప్పిన అయిదు నిమిషాల్లోపు. ఇది చాలామంది చేయరు. "వాళ్ల ఆఫీసు చెప్పుకుంటుందిలే" అనుకుంటారు. బ్యాగు సర్దుకుని, పెళ్లాం పిల్లలకి చెప్పి బయల్దేరబోయే మనిషికి మీరే చెప్తే ఆ మాట వేరేగా చేరుతుంది.

మెయిల్ చివర్లో. ఫోన్ ఎత్తకపోతే వాట్సాప్‌లో "అర్జెంట్, రేపటి విజిట్ గురించి, ఒక్కసారి ఫోన్ చేయండి" అని పెట్టి మళ్లీ మళ్లీ చేయండి. విషయం మొత్తం మెసేజ్‌లో పడేసి చేతులు దులుపుకోవద్దు.

మా కేసులో సంభాషణ దాదాపు ఇలా సాగింది:

"నమస్తే అండీ. ఒక ఇబ్బంది వచ్చింది, ముందు మీకే చెప్తున్నా. రేపు చిల్లర్ ఇవ్వలేకపోతున్నాం. బ్యాచ్ లేటయింది, ఎల్లుండి రాత్రి దాకా మెషిన్ ఆపడానికి లేదు. తప్పు మా వైపుది. వాళ్లిద్దరూ ఇంకా బయల్దేరలేదు కదా?"

"లేదు సర్, నాలుగున్నరకి స్టేషన్‌కి వెళ్తారు. కానీ సర్, తత్కాల్ తీశాం."

"తెలుసండీ. టికెట్ల డబ్బు మేమిస్తాం, మా ప్లాంట్ హెడ్‌తో మాట్లాడాకే చేస్తున్నా. ఇంకా ఎక్కడ నష్టం పడుతుందో చెప్పండి. ఇక్కడ లోకల్‌గా ఎవరినైనా మాట్లాడారా?"

ఆయన ఒక్క క్షణం ఆగాడు. "బాలానగర్‌లో ఇద్దరు హెల్పర్లని, జెట్ మెషిన్‌ని మాట్లాడాం సర్."

ఆ చివరి ప్రశ్న నేను అడక్కపోతే ఆయన చెప్పేవాడు కాదు. ఈ ఇద్దరు హెల్పర్లే మొత్తం గొలుసులో అందరికంటే కింద ఉన్నవాళ్లు. ఇంజనీర్‌కి జీతం ఆగదు, బయట తిరిగితే వచ్చే బత్తా మాత్రం పోతుంది. హెల్పర్‌కి మొత్తం రోజు కూలీయే పోతుంది. పైగా రేపటి కోసం ఇంకో పని వదులుకుని ఉంటాడు. వాళ్లకి పనిచ్చే మేస్త్రీ తర్వాతిసారి "ఆ కంపెనీ పనా? ముందు అడ్వాన్స్ వేయండన్నా" అంటాడు. ఆ చిరాకు వెండర్ మీదుగా తిరిగి మీ కొటేషన్‌లోకే వస్తుంది.

కారణం చెప్పేటప్పుడు ఒక్క వాక్యం చాలు, కానీ అది నిజం అయి ఉండాలి. ఏ మాలిక్యూల్, ఏ కస్టమర్, ఎన్ని కిలోలు అన్నవి వాళ్లకి అనవసరం, మీరు చెప్పకూడదు కూడా. "ప్రొడక్షన్ వాళ్లు ఎప్పుడూ ఇంతేనండీ" అని ఇంటి గుట్టు బయట పెట్టొద్దు. ఆ క్షణానికి ఇద్దరూ నవ్వుకుంటారు గానీ, మీ మాట మీ ప్లాంటులోనే చెల్లదని అవతలివాళ్లకి అర్థమైపోతుంది. ఇక "ఆడిట్ వచ్చింది", "పవర్ షట్‌డౌన్" లాంటి అబద్ధాలు అసలు పనికిరావు. మీ కాంట్రాక్ట్ ఫిట్టర్లకీ వాళ్ల ఇంజనీర్లకీ మధ్య ఉన్న స్నేహం మీకు తెలియదు. వచ్చేవారం క్యాంటీన్‌లో టీ తాగేలోపు నిజం బయటపడుతుంది.

క్షమాపణ ఒక్కసారి, స్పష్టంగా. పదిసార్లు సారీ చెప్తే చివరికి అవతలి మనిషే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

డబ్బు సంగతి

కాగితం ప్రకారం బాకీ లేదని పైన అన్నాను. అయినా ఇవ్వాలా? నా లెక్క ఇది: రద్దు మీ వల్ల జరిగి, అవతలివాళ్లు తిరిగి రాబట్టుకోలేని ఖర్చు ఉంటే, ఆ ఖర్చు మీదే. వాళ్లకి రాకుండా పోయిన లాభం మీది కాదు. ఈ గీత గీసుకుంటే బేరం ఉండదు.

మా కేసు చూడండి. టికెట్లు, తిరుగు టికెట్ల మీద కోతతో కలిపి 3,200. హెల్పర్లు ఇద్దరికి చెరో 900, అంటే 1,800. జెట్ మెషిన్ ఒకరోజు అద్దె 2,500. మొత్తం 7,500. రెండు రోజుల విజిట్ ఛార్జి అడగొద్దని నేనే కోరాను, ఎందుకంటే ఆ రెండు రోజులూ ఇంజనీర్లని విశాఖలోనే వేరే పనికి పంపగలిగారు. కోఆర్డినేటర్ వెంటనే ఒప్పుకున్నాడు. పంపలేకపోయి ఉంటే ఒకరోజు ఛార్జి అయినా ఇచ్చేవాణ్ణి.

ఇది క్యాష్‌లో ఇవ్వొద్దు. అదే ఆర్డర్‌కి చిన్న సవరణ చేయించి, "విజిట్ రద్దు ఖర్చులు" అని ఒక లైను పెట్టించి, టికెట్లు జతచేసి బిల్లు వేయమనండి. రద్దు ఛార్జీ మీద జీఎస్టీ అసలు సర్వీసుకి ఉన్న రేటులోనే పడుతుంది కాబట్టి, 18 శాతం కలిపి మా బిల్లు 8,850 అయింది. హెల్పర్ల డబ్బు మాత్రం బిల్లు పాసయ్యేదాకా ఆగకుండా ఆ రోజే మేస్త్రీకి వేసేయమని వెండర్‌ని అడిగాను. వేశారు కూడా.

ఇంకొక్క పని చేయండి. అకౌంట్స్‌కి ఫోన్ చేసి ఆ వెండర్ పాత బిల్లులు ఏమైనా పెండింగ్‌లో ఉన్నాయేమో అడగండి. చిన్న సంస్థ అయి, ఎంఎస్ఎంఈ నమోదు ఉంటే 45 రోజులు దాటి డబ్బు ఆపడం చట్టం ప్రకారమే కుదరదు. అయినా ఆగుతూనే ఉంటాయి, అందరికీ తెలిసిన సంగతే. విజిట్ రద్దయిన వారంలోనే పాత బిల్లు ఒకటి పడితే, మీరు పంపే ఏ స్వీట్ బాక్సూ దానికి సాటి రాదు. (స్వీట్ బాక్సులు అసలు పంపొద్దు. రెండు వైపులా కంపెనీల్లో దానికి రూల్స్ ఉంటాయి.)

లోపల విప్పాల్సిన ముడులు

ఈ భాగం నేను ఒకసారి పరువు పోగొట్టుకుని నేర్చుకున్నది. కొన్నేళ్ల కింద ఒక కంప్రెసర్ వెండర్‌కి రాత్రి పదింటికి మెయిల్ పెట్టి, గేట్ పాస్ రద్దు చేయించి పడుకున్నాను. అతను మెయిల్ చూడలేదు. పొద్దున ఏడున్నరకి టూల్ బాక్సుతో గేటు ముందు నిలబడ్డాడు. సెక్యూరిటీ గార్డు రిజిస్టర్ చూసి "నీ పాస్ క్యాన్సిల్, వెళ్లు" అన్నాడట. ఎందుకో గార్డుకీ తెలియదు. నేను తొమ్మిదికి వచ్చేసరికి అతను ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, "నాకు ఒక్క ఫోన్ చేసి ఉంటే బాగుండేది సర్" అన్నాడు, అంతే. ఆ కంపెనీ నుంచి మళ్లీ అతను రాలేదు. ప్రతిసారీ కొత్త కుర్రాణ్ణి పంపేవాళ్లు.

అప్పటినుంచి నా పద్ధతి: గేట్ పాస్ చివరగా రద్దు చేస్తాను, అదీ ఇంజనీర్ స్వయంగా "సరే సర్" అన్నాకే. గేటు దగ్గర ఒక చీటీ పెడతాను: "ఫలానా కంపెనీ వాళ్లు పొరపాటున వస్తే రిసెప్షన్‌లో కూర్చోబెట్టి నాకు ఫోన్ చేయండి." మిగతావి చకచకా అయిపోతాయి. వర్క్ పర్మిట్ వెనక్కి తీసుకోవాలి, గెస్ట్ హౌస్ గది, క్యాంటీన్ కూపన్లు, స్టేషన్‌కి వెళ్లాల్సిన క్యాబ్ రద్దు చేయాలి. క్యాబ్ మర్చిపోతే తెల్లవారుజామున డ్రైవర్ ఇంజనీర్‌కి ఫోన్ చేసి నిద్రలేపుతాడు.

రాతలో పెట్టేది

మాట్లాడిన గంటలోపు ఇలా పంపండి. భాష మీ ఇష్టం, కానీ ఈ విషయాలన్నీ ఉండాలి:

"ఇందాక ఫోన్‌లో మాట్లాడుకున్నట్టు, రేపటి చిల్లర్ సర్వీస్ విజిట్‌ని మా ప్రొడక్షన్ అవసరం వల్ల మేమే వాయిదా వేస్తున్నాం. మీ వైపు ఎలాంటి లోపం లేదు. టికెట్లు, లోకల్ హెల్పర్లు, జెట్ మెషిన్ అద్దె మేము భరిస్తాం. వివరాలతో బిల్లు పంపగలరు. ఆయిలు, ఫిల్టర్ కిట్టు మా స్టోర్స్‌లో భద్రంగా ఉంచుతాం. కొత్త తేదీ గురువారం అనుకుంటున్నాం. మంగళవారం మధ్యాహ్నం 12 లోపు నేను ఫోన్ చేసి ఖాయం చేస్తాను. అప్పటిదాకా టికెట్లు తీయవద్దు."

"మీ వైపు ఎలాంటి లోపం లేదు" అన్న వాక్యం వదిలేయొద్దు. సంవత్సరం చివర మీ పర్చేజ్ వాళ్లు వెండర్ రేటింగ్ వేసేటప్పుడు "విజిట్ జరగలేదు" అన్నది మాత్రమే సిస్టమ్‌లో కనిపిస్తుంది. ఆ వాక్యం వాళ్ల దగ్గర ఉంటే చూపించుకుంటారు. మెయిల్‌కి పర్చేజ్‌ని కూడా కాపీలో పెట్టండి.

చివరి రెండు వాక్యాలు టికెట్ల కోసం. వాళ్లు గురువారం పొద్దున ఇక్కడుండాలంటే బుధవారం సాయంత్రం రైలెక్కాలి. ఆ ప్రయాణానికి తత్కాల్ మంగళవారం పొద్దున తెరుచుకుంటుంది, మామూలు టికెట్లయితే ఇంకా ముందే తీసుకోవాలి. నా "మంగళవారం 12" ఆ లెక్కలో గంట ఆలస్యమని కోఆర్డినేటరే సరిదిద్దాడు: "సోమవారం సాయంత్రం చెప్పండి సర్, లేకపోతే మళ్లీ బస్సే." ఖాయం చేసే గడువుని మీ వీలుని బట్టి కాదు, వాళ్ల టికెట్ వేళని బట్టి పెట్టాలి.

రెండోసారి వచ్చినప్పుడు

గురువారం ఎనిమిదికి అన్నారు కాబట్టి ఎనిమిదికి మెషిన్ వాళ్ల చేతికి ఇవ్వాలి. పర్మిట్ ముందురోజే రాయించి పెట్టండి, ఐసొలేషన్ ట్యాగులు, తాళాలు సిద్ధంగా ఉంచండి. వచ్చినవాళ్లని పదకొండు దాకా పర్మిట్ కోసం నిలబెడితే, పోయినసారి ఇచ్చిన 8,850 కూడా గంగలో కలిసినట్టే.

బంధం చల్లబడిందో లేదో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఎప్పుడూ ఫోన్‌లో మాట్లాడే కోఆర్డినేటర్ మెయిల్‌కి మారిపోతాడు. పాత ఇంజనీర్ బదులు ట్రైనీ వస్తాడు. కొత్త కొటేషన్‌లో మొబిలైజేషన్ ఛార్జి అనే లైను మొలుస్తుంది. వీటిలో ఏదైనా కనిపిస్తే ఆ లైను మీద బేరమాడకండి. వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి, పోయినసారి ఖర్చు పూర్తిగా ముట్టిందా అని అడగండి. మా అకౌంట్స్‌లో ఒకసారి ఆ చిన్న బిల్లుని "విజిట్ జరగలేదు కదా" అని పక్కన పెట్టేశారు. నాకు తెలిసింది నెలన్నర తర్వాత.

అదే పని రెండోసారి కూడా వాయిదా పడే పరిస్థితి వస్తే ఆ ఫోన్ మీరు చేయొద్దు. మీ ప్లాంట్ హెడ్ చేత వాళ్ల యజమానికి చేయించండి. మూడో తేదీకి ఒకరోజు విజిట్ ఛార్జి అడ్వాన్సుగా వేశాకే టికెట్లు తీయమనండి.